వేగుచుక్కే సందెచుక్క అని తెలిస్తే ఏం తెలిసినట్టు?

"వేగుచుక్క అంటే వేగుచుక్కే." ఎవరైనా ఈ మాట అంటే నవ్వి ఊరుకుంటాం. జన్మలో ఆకాశం వైపు చూడనివాడు కూడా, తలుపులేసుకుని గదిలో కూర్చున్నవాడు కూడా, ఇది నిజమని ఒప్పుకుంటాడు. "వేగుచుక్క అంటే సందెచుక్కే" అనే మాట అలాంటిది కాదు. తెల్లవారుజామున తూర్పున మెరిసేదీ, పొద్దుగుంకాక పడమట మెరిసేదీ ఒకటేనని అది చెబుతోంది. గదిలో కూర్చుని ఆలోచిస్తే ఇది తేలదు. ఏళ్ల తరబడి ఆకాశాన్ని కనిపెట్టి, చూసింది చూసినట్టు రాసి పెట్టుకున్నవాళ్లు తేల్చిన సంగతి ఇది.

చిక్కు ఇక్కడే ఉంది. ఈ రెండు వాక్యాలూ ఒకే వస్తువు గురించి మాట్లాడుతున్నాయి. అది శుక్రగ్రహం. వేగుచుక్క శుక్రుడే, సందెచుక్కా శుక్రుడే. అంటే మొదటి వాక్యం చెప్పేది శుక్రుడు శుక్రుడేనని, రెండో వాక్యం చెప్పేదీ శుక్రుడు శుక్రుడేనని. చెప్పింది ఒకటే అయినప్పుడు ఒక వాక్యం చప్పగా, ఇంకొకటి కొత్త కబురులా ఎందుకుంది? ఆ కొత్తదనం ఎక్కణ్నుంచి వచ్చింది?

జర్మనీలోని యేనా విశ్వవిద్యాలయంలో గణితం బోధించే గాట్‌లోబ్ ఫ్రెగె 1892లో ఒక వ్యాసం రాశాడు. రెండు పేర్లు ఒకే వస్తువును సూచించినప్పుడు 'ఇదీ అదీ ఒకటే' అనడంలో అసలు ఏం చెబుతున్నాం అన్న ప్రశ్నతో అది మొదలవుతుంది. ఆయన బతికుండగా దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ తర్వాత నూరేళ్లలో భాషను గురించి ఆలోచించిన తత్వవేత్తల్లో దాన్ని చదవనివాళ్లు దాదాపు లేరు.

ఒకటేనని తేల్చడం ఎందుకు కష్టం

ముందు ఆకాశం సంగతి చూద్దాం. 2025 జనవరిలో, సూర్యుడు అస్తమించాక పడమటి దిక్కు చూసినవాళ్లకు శుక్రుడు ధగధగ మెరుస్తూ కనిపించాడు. జనవరి 10న సూర్యుడికి దాదాపు 47 డిగ్రీల ఎడంలో ఉన్నాడు. మన చూపులో శుక్రుడు సూర్యుణ్ని వదిలి అంతకంటే దూరం జరగలేడు. ఆయన కక్ష్య భూమి కక్ష్యకు లోపల ఉండటమే కారణం. అర్ధరాత్రి నడినెత్తిన శుక్రుణ్ని ఎవరూ చూడకపోవడం కూడా ఇందువల్లే.

ఆ తర్వాత రోజురోజుకూ సూర్యుడి వైపు జారుతూ వచ్చి, మార్చిలో సంజ వెలుగులో కలిసిపోయాడు. మార్చి 23న భూమికీ సూర్యుడికీ మధ్య నుంచి దాటాడు. ఏప్రిల్ వచ్చేసరికి తెల్లవారుజామున తూర్పున తేలాడు. జూన్ 1న మళ్లీ సూర్యుడికి 46 డిగ్రీల ఎడంలో ఉన్నాడు, కాకపోతే ఈసారి అవతలి పక్కన. అక్కణ్నుంచి మెల్లమెల్లగా సూర్యుణ్ని సమీపిస్తూ, 2026 జనవరి 6న సూర్యుడి వెనక్కి చేరాడు. ఆ తర్వాత మళ్లీ పడమటే పొడవాలి.

ఈ చుట్టు తిరగడానికి సగటున 584 రోజులు పడుతుంది. సుమారుగా చెప్పుకుంటే అందులో 260 రోజులు సందెచుక్క, ఆపైన వారం పది రోజులు మాయం, తర్వాత 260 రోజులు వేగుచుక్క, ఆపైన 50 రోజులు మాయం. పడమటి నుంచి తూర్పుకు మారే ఘట్టం ఎప్పుడూ సూర్యుడి వెలుగు చాటునే జరుగుతుంది. మామూలు కంటికి కనిపించేది ఇంతే: ఒక సాయంత్రపు వెలుగు పోయింది, కొన్నాళ్లకు ఒక వేకువ వెలుగు వచ్చింది. పోయిందీ వచ్చిందీ ఒకటేనని ఎందుకు అనుకోవాలి?

అనుకోవడానికి ఆధారం ఒక్కటే, క్రమం. ఒకటి బాగా వెలుగుతున్న నెలల్లో రెండోది ఉండదు. ఒకటి పోయిన కొద్ది రోజులకో, కొన్ని వారాలకో రెండోది వస్తుంది. ఈ ఎడాలు మళ్లీ మళ్లీ ఇంచుమించు అంతే ఉంటాయి. అయిదు చుట్లు పూర్తయ్యేసరికి 2920 రోజులు గడుస్తాయి. అంటే దాదాపు ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్ల కిందట ఏ నెలలో ఎక్కడ కనిపించాడో దాదాపు అక్కడే శుక్రుడు మళ్లీ కనిపిస్తాడు. ఒక మనిషి జ్ఞాపకంలో ఇది నిలవదు. రాత కావాలి. బాబిలోనియా రాజు అమ్మిసదుకా కాలంలో, అంటే ఇప్పటికి మూడున్నర వేల ఏళ్లకు పైగా కిందట, శుక్రుడు ఎప్పుడు మరుగయ్యాడో ఎప్పుడు పొడిచాడో 21 ఏళ్లపాటు రాసి పెట్టారు. ఆ లెక్కను తర్వాతి కాలంలో నకలు తీసిన మట్టి పలక లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పడమటి మెరుపునూ తూర్పు మెరుపునూ ఆ పలక ఒకే పద్దు కింద రాస్తుంది.

ఈ ఆధారం ఎంత తేలిగ్గా తడబడగలదో కూడా 2025 చూపించింది. ఆ మార్చిలో శుక్రుడు సూర్యుడికి సుమారు 8 డిగ్రీలు ఉత్తరంగా దాటాడు. దాంతో ఉత్తరాన దూరంగా ఉన్న దేశాల్లో కొద్ది రోజులపాటు ఒకే రోజు వేకువనా కనిపించాడు, సాయంత్రమూ కనిపించాడు. ఆ ఒక్క రోజును మాత్రమే చూసినవాడు అవి రెండూ వేర్వేరని ఒట్టేసి చెబుతాడు.

మన పంచాంగాలు రాసేవాళ్లకు ఇది పాత సంగతే. శుక్ర మౌఢ్యమి వచ్చిందంటే పెళ్లి ముహూర్తాలు ఆగిపోతాయి. శుక్రుడు సూర్యుడికి బాగా దగ్గరై కంటికి ఆనని రోజులే ఆ మూఢం. పడమట మునిగినప్పుడు పొట్టి మూఢం, తూర్పున మునిగినప్పుడు పొడుగు మూఢం. రెండూ ఒకే గ్రహానికి కట్టిన లెక్కలు. అయితే పంచాంగం చూసే సిద్ధాంతికి తెలిసిన ఈ సంగతి, వేగుచుక్క పొడవగానే లేచి ఎడ్లకు మేత వేసే రైతుకు తెలిసి ఉండాలని లేదు. ఆ రైతు వేగుచుక్కను గుర్తుపట్టడంలో ఏ లోపమూ లేదు, ఆ పేరును తప్పుగా వాడటమూ లేదు. ఒక పేరును సరిగ్గా వాడుతూనే, అది ఇంకో పేరున్న వస్తువేనని తెలియకుండా ఉండొచ్చు. ఫ్రెగె వివరించాలనుకున్నది సరిగ్గా దీన్నే.

రెండు జవాబులు, రెండూ నిలవవు

ఎవరికైనా ముందు తోచే జవాబు, పేరంటే వస్తువుకు తగిలించిన గుర్తు అని. పేరు చేసే పనల్లా వస్తువును చూపడం, అంతకు మించి అందులో ఏమీ లేదు. ఇదే నిజమైతే వేగుచుక్క, సందెచుక్క అనే రెండు పేర్లూ వాక్యంలోకి తెచ్చేది ఒకే సరుకు. అప్పుడు మన రెండు వాక్యాల్లో ఏ తేడా ఉండకూడదు. తేడా ఉంది కాబట్టి ఈ జవాబు చాలదు.

రెండో జవాబు, 'ఒకటే' అనే మాట వస్తువుల గురించి కాదు, పేర్ల గురించి అని. "వేగుచుక్క అనే పేరూ, సందెచుక్క అనే పేరూ ఒకే దానికి పెట్టారు" అని దాని తాత్పర్యం. 1879లో తన మొదటి తర్కశాస్త్ర గ్రంథం రాసినప్పుడు ఫ్రెగె ఇలాగే అనుకున్నాడు. పదమూడేళ్ల తర్వాత ఈ ఆలోచనను ఆయనే పక్కన పెట్టాడు. ఎందుకో చూడండి. దేనికి ఏ పేరు పెట్టుకోవాలన్నది మన ఇష్టం. రేపు నేను శుక్రుడికి 'గోపి' అని పేరు పెట్టి, గోపి అంటే శుక్రుడేనని ప్రకటించవచ్చు. అది మీకు నా అలవాటు గురించి చెబుతుంది తప్ప ఆకాశం గురించి ఏమీ చెప్పదు. వేగుచుక్కే సందెచుక్క అని కనుక్కోవడం ఇలా పేరు పెట్టుకోవడం లాంటిది కాదు. నిఘంటువు తిరగేస్తే దొరికే సమాచారమైతే బాబిలోనియాలో 21 ఏళ్లు మెడ ఎత్తి చూడాల్సిన పనేముంది?

వస్తువు గురించే అంటే వాక్యంలో కొత్త కబురు లేకుండా పోతోంది. పేర్ల గురించి అంటే కబురు ఉంటుంది గానీ, అది మనకు కావలసిన కబురు కాదు. అంటే పేరుకూ వస్తువుకూ మధ్యన ఇంకేదో ఉండి తీరాలి.

త్రిభుజంలో ఒక బిందువు

అదేమిటో చూపడానికి ఫ్రెగె బడి పిల్లలకు కూడా తెలిసిన జ్యామితిని తెచ్చాడు. కాగితం మీద ఒక త్రిభుజం గీయండి. ప్రతి శీర్షం నుంచి ఎదుటి భుజం మధ్యబిందువుకు ఒక గీత గీయండి. వీటినే మధ్యగత రేఖలంటారు. మూడు గీతలకూ క, ఖ, గ అని పేర్లు పెట్టండి. ఇప్పుడు క, ఖ ఖండించుకునే బిందువు ఒకటి ఉంది. ఖ, గ ఖండించుకునే బిందువు ఒకటి ఉంది. గీసి చూస్తే రెండూ ఒకే చోట పడతాయి. మూడు మధ్యగత రేఖలూ ఒకే బిందువు గుండా పోతాయన్నది నిరూపించాల్సిన సిద్ధాంతం. ఇది ముందే తెలియని కుర్రాడికి "క, ఖ ఖండన బిందువూ, ఖ, గ ఖండన బిందువూ ఒకటే" అనే వాక్యం కొత్త సంగతి చెబుతుంది. "క, ఖ ఖండన బిందువు, క, ఖ ఖండన బిందువే" అన్నది ఏమీ చెప్పదు.

ఇక్కడ కబురు ఎక్కణ్నుంచి వచ్చిందో స్పష్టంగా కనిపిస్తుంది. బిందువు ఒకటే. దాన్ని పట్టుకున్న తీరులు రెండు. ఒకసారి క, ఖల ద్వారా దాన్ని చేరాం, మరోసారి ఖ, గల ద్వారా చేరాం. రెండు తీరులూ ఒకే చోటికి తెచ్చాయన్నదే ఆ వాక్యంలోని జ్ఞానం.

పేరు చూపే వస్తువును ఫ్రెగె ఒక మాటతో, దాన్ని పేరు చూపే తీరును ఇంకో మాటతో పిలిచాడు. మనం మొదటిదాన్ని నిర్దేశం అనీ, రెండోదాన్ని భావం అనీ అనుకుందాం. వేగుచుక్క, సందెచుక్క అనే పేర్లకు నిర్దేశం ఒకటే, అది శుక్రుడు. భావాలు మాత్రం రెండు. తెల్లవారుజామున తూర్పున అన్నిటికంటే కాంతిగా మెరిసేది అన్న తీరులో ఒక పేరు శుక్రుణ్ని చూపుతుంది. పొద్దుగుంకాక పడమట అన్నిటికంటే కాంతిగా మెరిసేది అన్న తీరులో రెండో పేరు చూపుతుంది. వేగుచుక్కే సందెచుక్క అన్న వాక్యం ఈ రెండు తీరులూ ఒకే గోళం దగ్గర కలుస్తాయని చెబుతోంది. అందుకే అది ఆకాశం గురించిన మాట అయింది, కొత్త కబురూ అయింది.

భావం ఎవరి సొంతమూ కాదు

ఇక్కడ ఒక అపోహకు చోటుంది. భావం అనగానే మనసులో మెదిలే బొమ్మ అనుకుంటాం. వేగుచుక్క అంటే ఒకరికి చలికాలపు పొలం గట్టు గుర్తుకొస్తుంది, ఇంకొకరికి తెల్లవారుజామున బస్సు కోసం నిలబడిన స్టాండు గుర్తుకొస్తుంది. ఫ్రెగె చెప్పే భావం ఇది కాదు. మనసులో మెదిలే బొమ్మ ఎవరిది వారిది. నా మనసులోది మీకు అందదు. భావం అలాంటిదే అయితే ఒకరు ఔనన్నదాన్ని ఇంకొకరు కాదనడమే కుదరదు, ఎవరి బొమ్మ గురించి వాళ్లు మాట్లాడుకుంటున్నట్టే అవుతుంది.

దీనికి ఫ్రెగె ఇచ్చిన ఉపమానం బాగా పేరుపడింది. ఒకతను దూరదర్శినిలోంచి చంద్రుణ్ని చూస్తున్నాడు. ఆకాశంలోని చంద్రుడు నిర్దేశం లాంటివాడు. దూరదర్శిని లోపలి కటకం వల్ల ఏర్పడిన ప్రతిబింబం భావం లాంటిది. చూసేవాడి కంటిపొర మీద పడే బొమ్మ అతని సొంత ఊహ లాంటిది. కంటి బొమ్మ ఒక్కడిదే. కటకంలోని ప్రతిబింబం అలా కాదు. అది చంద్రుడి ఒక పక్కనే చూపుతుంది, దూరదర్శిని ఎక్కడ నిలబెట్టామన్న దాని మీద ఆధారపడుతుంది, అయినా పదిమంది ఒకరి తర్వాత ఒకరు వచ్చి అదే ప్రతిబింబాన్ని చూడవచ్చు. భావం కూడా అంతే. వస్తువును ఒక కోణం నుంచే చూపుతుంది, కానీ ఆ కోణం అందరికీ తెరిచి ఉంటుంది.

మాట మార్చి చూస్తే

ఈ తేడాను పరీక్షించడానికి ఒక పద్ధతి ఉంది. వాక్యంలో ఒక పేరు తీసేసి, అదే వస్తువుకున్న రెండో పేరు పెట్టి చూడాలి. "వేగుచుక్క సూర్యకాంతి పడి వెలిగే గోళం" అన్నది నిజం. పేరు మార్చి "సందెచుక్క సూర్యకాంతి పడి వెలిగే గోళం" అన్నా నిజమే. వస్తువు అదే కాబట్టి వాక్యపు నిజం చెదరదు. అయితే రెండు వాక్యాలూ చెప్పే ఆలోచన ఒకటి కాదు. రెండు చుక్కలూ ఒకటేనని తెలియనివాడు ఒకదాన్ని ఔనని, రెండోదాన్ని కాదని అనగలడు.

ఇదే పద్ధతిని 'అనుకున్నాడు', 'నమ్మాడు', 'కోరుకున్నాడు' వంటి మాటలున్న వాక్యం మీద ప్రయోగిస్తే అది విరిగిపోతుంది. దీనికి మహాభారతాన్ని మించిన ఉదాహరణ దొరకదు. కర్ణుడు కుంతికి పుట్టిన మొదటి కొడుకు. యుద్ధం ముగిసి, చనిపోయినవాళ్లకు తర్పణాలు వదిలే వేళ కుంతి చెప్పేవరకు పాండవులకు ఆ సంగతి తెలియదు. కర్ణుడికి మాత్రం యుద్ధానికి ముందే తెలుసు.

ఇప్పుడు "అర్జునుడు కర్ణుణ్ని చంపాడు" అనే వాక్యం తీసుకోండి. కర్ణుడు అన్న చోట 'కుంతి పెద్దకొడుకు' అని పెట్టండి. "అర్జునుడు కుంతి పెద్దకొడుకును చంపాడు." ఇదీ నిజమే. బాణం తగిలింది మనిషికి, పేరుకు కాదు. ఇక "కర్ణుణ్ని చంపాలని అర్జునుడు పట్టుబట్టాడు" అన్న వాక్యంలో అదే మార్పు చేయండి. "కుంతి పెద్దకొడుకును చంపాలని అర్జునుడు పట్టుబట్టాడు." దీన్ని నిజమని ఎవరూ ఒప్పుకోరు. అర్జునుడి పట్టుదలలో ఉన్నవాడు రాధేయుడు, దుర్యోధనుడి స్నేహితుడు, నిండు సభలో ద్రౌపదిని అవమానించినవాడు. మనిషి అతనే, కానీ అర్జునుడు అతణ్ని తెలుసుకున్న తీరు అది. అదే వాక్యాన్ని తిప్పి కర్ణుడి గురించి చెబితే ఫలితం మారుతుంది. అర్జునుడు తన తమ్ముడని తెలిసే కర్ణుడు యుద్ధానికి దిగాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు బాణాలేసుకున్నారు గానీ, ఒకరినొకరు తెలిసిన తీరులో సమానులు కారు. కర్ణుడి కథలోని విషాదంలో పెద్ద భాగం ఈ అసమానతలోనే ఉంది.

ఫ్రెగె దీన్ని ఇలా విప్పాడు. 'అనుకున్నాడు' లాంటి మాట వెనక చేరిన పేరు, మామూలుగా చూపే వస్తువును అక్కడ చూపదు. తన మామూలు భావాన్ని చూపుతుంది. 'కర్ణుడు', 'కుంతి పెద్దకొడుకు' అనే మాటల భావాలు వేరు కాబట్టి అలాంటి చోట ఒకదాని బదులు ఇంకొకటి పెట్టకూడదు. పరులు చెప్పిందీ నమ్మిందీ రాసేటప్పుడు విలేకరులు తరచూ తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒక నాయకుడు ఊళ్లో సన్మానం జరిగిన ఒక వ్యాపారిని మెచ్చుకున్నాడనుకుందాం. ఆ వ్యాపారి పేరు మార్చుకుని తిరుగుతున్న నేరస్థుడని మర్నాడు బయటపడింది. "నేరస్థుడికి సన్మానం చేసిన నాయకుడు" అన్న శీర్షికలో అబద్ధం లేదు. "నేరస్థుడు గొప్పవాడని నమ్మిన నాయకుడు" అంటే మాత్రం, ఆ నాయకుడి తలలో లేని పేరును అతని నమ్మకంలోకి దూర్చినట్టు. ఆ సంగతి నాయకుడికి ముందే తెలుసని వేరే రుజువు ఉంటే తప్ప అలా రాయకూడదు.

చూపే తీరు ఉంది, వస్తువు లేదు

భావం వేరు, వస్తువు వేరు అని ఒప్పుకున్నాక ఇంకో సంగతి దానంతటదే వస్తుంది. భావం ఉండి వస్తువు లేని పేరు కూడా ఉండొచ్చు. ఖగోళశాస్త్ర చరిత్రలో దీనికి ఒక చక్కని జంట ఉదాహరణ ఉంది.

ఫ్రెంచి ఖగోళ గణితజ్ఞుడు ఉర్బేన్ లెవెర్యే యురేనస్ నడకలోని తేడాలను లెక్కగట్టి, వాటికి కారణమైన గ్రహం ఇంకొకటి ఉండాలని, అది ఫలానా చోట ఉంటుందని చెప్పాడు. 1846 సెప్టెంబరు 23న బెర్లిన్‌లో యోహాన్ గాలె దూరదర్శిని పెట్టి చూస్తే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. 1859లో లెవెర్యే అదే ఎత్తు మళ్లీ వేశాడు. బుధుడి కక్ష్య కొద్దికొద్దిగా తిరుగుతోంది, తెలిసిన గ్రహాల ఆకర్షణ అంతటినీ లెక్కలోకి తీసుకున్నా కొంత మిగిలిపోతోంది. బుధుడికీ సూర్యుడికీ మధ్య ఇంకేదో ఉండాలన్నాడు. ఆ ఊహాగ్రహానికి వల్కన్ అని పేరు పెట్టారు. దాన్ని చూశామన్నవాళ్లు కూడా బయల్దేరారు. 1915లో ఐన్‌స్టయిన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతం ఆ మిగులును గ్రహం అక్కర్లేకుండానే వివరించింది. వల్కన్ లేదు.

పేరుకు అర్థమంటే వస్తువే అయితే, వల్కన్ గురించి యాభై ఏళ్లకు పైగా రాసినవాళ్లంతా అర్థం లేని శబ్దాలు చేశారనాలి. అలా కాదు. వాళ్లేం వెతుకుతున్నారో వాళ్లకు తెలుసు, ఎక్కడ వెతకాలో తెలుసు, లేదని ఎలా తేలుతుందో కూడా తెలుసు. నెప్ట్యూన్‌కూ వల్కన్‌కూ పేరు పుట్టిన పద్ధతి ఒకటే. రెండింటికీ భావం ఉంది. ఒకదానికే వస్తువు దొరికింది.

క్రిప్కి వేసిన ప్రశ్న

ఫ్రెగె జవాబుకు పెద్ద దెబ్బ 1970 జనవరిలో తగిలింది. అమెరికా తత్వవేత్త సోల్ క్రిప్కి ప్రిన్స్‌టన్‌లో మూడు ఉపన్యాసాలిచ్చాడు. ఆయన కూడా శుక్రుణ్నే తీసుకున్నాడు గానీ గ్రీకుల పాత పేర్లతో మాట్లాడాడు. సాయంత్రపు చుక్క హెస్పెరస్, వేకువ చుక్క ఫాస్ఫొరస్. మన చర్చకు కూడా ఇక్కడ ఆ పేర్లే నయం, ఎందుకంటే అవి మనకు వట్టి పేర్లుగానే వినిపిస్తాయి.

క్రిప్కి వాదం ఇలా నడుస్తుంది. హెస్పెరస్ అంటే 'సాయంత్రం పడమట అన్నిటికంటే కాంతిగా కనిపించేది' అనే అర్థమే అనుకుందాం. ఎప్పుడో ఏదో పెద్ద గోళం వచ్చి గుద్దుకుని, శుక్రుడు ఎటో విసిరేసినట్టు పోయాడని ఊహించండి. అప్పుడు సాయంత్రం పడమట అన్నిటికంటే కాంతిగా ఇంకేదో కనిపించేది. ఆ ఊహలో హెస్పెరస్ ఏది? కొత్తగా కనిపించేది కాదు. హెస్పెరస్ అంటే ఆ దూరం కొట్టుకుపోయిన గోళమే, అది సాయంత్రం కనిపించకపోయేది, అంతే. మనం సహజంగా అలాగే మాట్లాడతాం. కాబట్టి సాయంత్రం కనిపించడం ఆ పేరుకు అర్థం కాలేదు. మొదట్లో ఆ గోళాన్ని వేలెత్తి చూపడానికి అదొక ఆనవాలుగా పనికొచ్చింది. ఒకసారి పేరు అతుక్కున్నాక ఆనవాలు తప్పినా పేరు ఆ గోళాన్నే పట్టుకుని ఉంటుంది.

దీన్నుంచి ఒక వింత ఫలితం వచ్చింది. రెండు పేర్లూ ఏ ఊహలోనైనా ఒకే గోళాన్ని పట్టుకుని ఉంటే, హెస్పెరస్ ఫాస్ఫొరస్ కాకుండా పోయే అవకాశమే లేదు. ఆ వాక్యం తప్పనిసరిగా నిజం. అయినా అది నిజమని ఆకాశం చూస్తే తప్ప తెలియలేదు. తప్పనిసరి నిజాలు కూర్చుని ఆలోచిస్తేనే తెలిసిపోతాయని అంతకుముందు చాలామంది అనుకునేవారు. ఆ అనుబంధాన్ని క్రిప్కి తెంపేశాడు.

పేరుకు వెనక వర్ణన ఉంటుందన్న ఆలోచనలోని ఇబ్బంది ఫ్రెగెకు తెలియనిది కాదు. తన వ్యాసంలోనే ఒక అధోజ్ఞాపికలో అరిస్టాటిల్ పేరు తీసుకున్నాడు. ఒకరికి ఆ పేరు 'ప్లేటో శిష్యుడు, అలెగ్జాండర్ గురువు' అనే భావాన్నిస్తుంది. ఇంకొకరికి 'అలెగ్జాండర్ గురువు, స్టగీరాలో పుట్టినవాడు' అనే భావాన్నిస్తుంది. చూపే మనిషి ఒకరే అయినంత కాలం మామూలు మాటల్లో ఇది సర్దుకుపోతుందనీ, పక్కాగా ఉండాల్సిన శాస్త్ర భాషలో మాత్రం పనికిరాదనీ ఆయన అభిప్రాయం. అంటే దూరదర్శినిలోని ప్రతిబింబంలా అందరికీ ఒకటే కావాల్సిన భావం, అసలు పేర్ల దగ్గరికి వచ్చేసరికి మనిషికో రకంగా తేలుతోంది.

అలాగని క్రిప్కితో చిక్కు విడిపోయిందా? లేదని ఆయనే 1979లో ఇంకో వ్యాసంలో చూపించాడు. ఈసారి రెండు పేర్లు కూడా అక్కర్లేకపోయింది. ఇగ్నాసీ పాడెరెఫ్‌స్కీ పేరుమోసిన పియానో విద్వాంసుడు, 1919లో పోలండు ప్రధానమంత్రిగానూ పనిచేశాడు. పీటర్ అనే ఒకతను పాడెరెఫ్‌స్కీ అనే విద్వాంసుడి గురించి విన్నాడు. ఇంకెక్కడో పాడెరెఫ్‌స్కీ అనే రాజకీయ నాయకుడి గురించి విన్నాడు. రాజకీయ నాయకులకు సంగీతం రాదని అతని నమ్మకం. అందుకని ఒకే పేరున్న ఇద్దరు మనుషులున్నారనుకున్నాడు. ఇప్పుడు పాడెరెఫ్‌స్కీకి సంగీతం వచ్చని పీటర్ నమ్ముతున్నాడా, లేదా? ఔనన్నా తప్పే, కాదన్నా తప్పే. పీటర్ తర్కంలో దోషం లేదు, ఆ పేరును తప్పుగానూ వాడలేదు. "పాడెరెఫ్‌స్కీయే పాడెరెఫ్‌స్కీ" అని చెప్పినా అతనికి అది కొత్త కబురే.

ఇంతవరకు కబురును రెండు పేర్ల తేడా మోస్తోందనుకున్నాం. ఇక్కడ పేరు ఒకటే, మనిషి ఒకరే, తేడా మాత్రం అలాగే ఉంది. పీటర్ ఒకే మనిషిని రెండు తీరుల్లో తెలుసుకున్నాడని ఒప్పుకోకపోతే అతని పొరపాటు ఏమిటో చెప్పడమే కుదరదు. ఆ మేరకు ఫ్రెగె చూసింది నిజం. ఆ తీరును పట్టుకుని పేరుకు అర్థంగా నిఘంటువులో రాయబోతే మాత్రం, అది పేరుది కాదు, పీటర్‌ది అని తేలుతోంది. వస్తువును మనం ఏదో ఒక తీరులో తప్ప అందుకోలేం. ఆ తీరు భాషలో భాగమా, భాష వాడే మనిషిలో భాగమా అన్న దగ్గర ఫ్రెగె పక్షానికీ క్రిప్కి పక్షానికీ ఇప్పటికీ రాజీ కుదరలేదు.